మార్చి 31 తర్వాత తెలిసిన నష్టం ఏ ఏడాదిది?

కంపెనీ లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి. వాటిపై డైరెక్టర్లు సంతకం పెట్టేది మాత్రం జూలైలోనో ఆగస్టులోనో. ఈ మధ్య నెలల్లో బాకీదారు దివాలా తీయవచ్చు, గోదాము కాలిపోవచ్చు, సరుకు ధర పడిపోవచ్చు. అలాంటి నష్టాన్ని పాత ఏడాది అంకెల్లో కలపాలా, లేక జరిగిన సంగతి రాసి అంకెలను అలాగే ఉంచాలా? తేల్చడానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ నష్టానికి మూలం మార్చి 31 నాటికే ఉందా? కబురు మనకు ఎప్పుడు అందిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

గుంటూరులో ఎండుమిర్చి వ్యాపారం చేసే ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. మార్చి 31 నాటికి ఒక మసాలా కంపెనీ దానికి రూ.60 లక్షలు బాకీ. మే 18న ఆ మసాలా కంపెనీపై దివాలా పిటిషన్‌ను ట్రిబ్యునల్ స్వీకరించింది. ఆర్డరు వచ్చింది మేలో కదా, అది వచ్చే ఏడాది నష్టమేనని యజమానికి అనిపించడం సహజం. కానీ ఫైలు తిరగేస్తే జనవరిలోనే రెండు చెక్కులు బౌన్స్ అయ్యాయి, ఫిబ్రవరిలో గడువు కోరుతూ ఉత్తరం వచ్చింది. అంటే మార్చి 31 నాటికే ఆ బాకీ వసూలయ్యే స్థితిలో లేదు. ఆ సంగతిని మే నెల ఆర్డరు ఖాయం చేసిందంతే. వెనక్కి వచ్చేది రూ.10 లక్షలకు మించదని అంచనా వేస్తే, మిగతా రూ.50 లక్షలకు మార్చి 31 తేదీతోనే ఎంట్రీ పడాలి: లాభనష్టాల ఖాతాకు డెబిట్, రానిబాకీల కేటాయింపుకు క్రెడిట్.

రూ.40 లక్షలు బాకీ ఉన్న ఇంకో కొనుగోలుదారుడు ఉన్నాడు. వేళకు చెల్లించే మనిషి. ఏప్రిల్ 20న అతని గోదాము, బీమా లేని సరుకుతో సహా కాలిపోయింది. ఇక కట్టలేనన్నాడు. ఇదీ రాని బాకీయే, కానీ మార్చి 31న ఈ డబ్బు నిక్షేపంగా వచ్చేదే. అందుకే పాత ఏడాది అంకెలు ముట్టుకోకూడదు. ప్రమాదం వివరం, దానివల్ల పోయే మొత్తం అంచనా మాత్రం చెప్పాలి. అంచనా వేయలేకపోతే ఆ మాటే రాయాలి. చిన్న కంపెనీలు పాటించే అకౌంటింగ్ స్టాండర్డ్ 4 ప్రకారం ఇది డైరెక్టర్ల నివేదికలో వస్తుంది. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 10 ప్రకారం లెక్కల కింది నోట్‌లో వస్తుంది. అయితే అదే మనిషి మార్చికి ముందే రూ.15 లక్షల బిల్లును నెలల తరబడి నాన్చుతూ ఉంటే, అగ్నిప్రమాదం పేరు చెప్పి దాన్నీ వచ్చే ఏడాదికి నెట్టడం కుదరదు. ఆ భాగాన్ని విడిగా చూడాల్సిందే.

అసలు చిక్కు సరుకు దగ్గర వస్తుంది. కోల్డ్ స్టోరేజీలో 1,000 క్వింటాళ్లు ఉన్నాయి, క్వింటాలు కొన్న ధర రూ.18,000. మే చివర్లో రూ.15,000కు అమ్మారు, కమీషన్, హమాలీ, రవాణా కలిపి రూ.500 పోయాయి. చేతికొచ్చింది రూ.14,500. కొన్న ధర, అమ్మితే నికరంగా వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువదానికే సరుకును చూపాలన్నది నియమం. కాబట్టి రూ.35 లక్షలు తగ్గించేయాలా? తొందరపడకూడదు. మిర్చి యార్డు రోజువారీ ధరలు ముందు పెట్టుకుని చూడాలి. ఫిబ్రవరి నుంచే ధర జారుతూ మార్చి 31 నాటికే రూ.15,000 దగ్గరికి వచ్చి ఉంటే, మే అమ్మకం ఆ స్థితికి సాక్ష్యం, మొత్తం తగ్గించాలి. మార్చి 31న రూ.19,000 పలికి, మేలో ఎగుమతి ఆర్డర్లు ఆగి పడిపోయి ఉంటే, అది కొత్త ఏడాది దెబ్బ, వెల్లడిస్తే చాలు. ఆడిటర్‌తో వాదన ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ధరల కాగితాలు లేకుండా ఏ పక్షమూ నెగ్గదు.

కోవిడ్ విషయంలో ఇదే గీత స్పష్టంగా కనబడింది. 2019 డిసెంబర్ 31తో లెక్కలు ముగించిన విదేశీ కంపెనీలకు అది సాధారణంగా తర్వాత వచ్చిన సంఘటన, వెల్లడితో సరిపోయింది. మన దేశంలో లాక్‌డౌన్ 2020 మార్చి 25నే మొదలైంది గనుక మార్చి 31 లెక్కల్లో దాని ప్రభావాన్ని అంకెల్లోనే చూపాల్సి వచ్చింది.

ఈ గీతకు ఒక పెద్ద మినహాయింపు ఉంది. ఏప్రిల్‌లో కాలింది కంపెనీ సొంత గోదామే అయి, ఇక వ్యాపారం నడవదని తేలితే, కారణం కొత్త ఏడాదిదైనా వెల్లడితో సరిపెట్టలేం. వ్యాపారం కొనసాగుతుందన్న నమ్మకం మీద కట్టిన లెక్కలను మొత్తంగా మార్చి రాయాలి.

ఇదంతా బోర్డు లెక్కలను ఆమోదించే రోజు వరకే. అందుకే ఆడిటర్ సంతకానికి ముందు ఏప్రిల్ తర్వాతి బ్యాంకు స్టేట్‌మెంట్లు, వెనక్కొచ్చిన సరుకు రసీదులు, లాయరు నోటీసులు, బోర్డు మినిట్స్ అడుగుతారు. ఆ కాగితాల్లో కనబడే ప్రతి పెద్ద నష్టానికీ పక్కన రెండు తేదీలు రాసిపెట్టాలి: కబురు వచ్చిన తేదీ, కారణం మొదలైన తేదీ. ఎంట్రీనా, వెల్లడా అన్నది రెండోదే తేలుస్తుంది.