ఒక గడి, ఒక అక్షరం

తెలుగు గళ్ళనుడికట్టులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ అందులోనే ఇమడాలి. 'స్త్రీ'కి ఒక్క గడి చాలు, 'రంగు'కు రెండు కావాలి. విశాఖ నుంచి లింగంపల్లి వెళ్ళే జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో, ఆ రోజు పేపరు ఒళ్ళో పరుచుకున్న ఒక అమ్మమ్మ మనవరాలికి మొదట నేర్పింది ఇదే.

అడ్డం ఆధారం: 'చెదిరిన నవల కారణంగా', మూడు గళ్ళు. పిల్ల వెంటనే 'మూలంగా' అని రాసింది. అర్థం సరిపోయింది, గళ్ళూ సరిపోయాయి. అమ్మమ్మ తప్పనలేదు. "నిలువు కూడా చూడవే" అంది.

నిలువు ఆధారం: 'కలప తిరగబడితే బడిపిల్ల చేతిలో'. 'తిరగబడితే' అంటే అక్షరాలను వెనకనుంచి చదవమని సూచన. క, ల, ప తిరగేస్తే పలక. రెండు మాటలూ కలిసేది నడిమి గడిలోనే. అక్కడ పలకకు 'ల' కావాలి, పిల్ల రాసింది 'లం'.

"సున్న తీసేస్తే సరి కదా, అమ్మమ్మా?"

"అప్పుడది మాటే కాదు. 'చెదిరిన' అన్న మాటను వదిలేశావు చూడు."

చెదిరిన, కలగాపులగం వంటి మాటలు కనిపిస్తే పక్కనున్న పదంలోని అక్షరాలను కలిపి పేర్చాలి. ఆధారంలో మిగిలిన భాగమే అర్థం. న, వ, ల అని విడివిడిగా రాసుకుని, నడుమ 'ల' ఉంచి, అటూ ఇటూ మార్చి చూసింది పిల్ల. తుని దాటేసరికి 'వలన' కుదిరింది. పెన్సిలు గనక, 'మూలంగా' చెరపడం తేలికైంది.