హాలు ఖాళీ అయిన మర్నాడు

మాదాపూర్‌లో ఒక పెద్ద హోటల్ అనుకుందాం. ఒక మందుల కంపెనీ తన సేల్స్ సిబ్బందికి అక్కడ రెండు రోజుల వార్షిక సమావేశం పెట్టుకుంది. శనివారం సాయంత్రానికి అంతా సవ్యంగా ముగిసింది. సోమవారం ఉదయం హోటల్ సేల్స్ మేనేజర్ ఆ కంపెనీలో ఏర్పాట్లు చూసిన అధికారిణికి కృతజ్ఞతలు చెబుతూ ఒక మెయిల్ పంపాలి. పది నిమిషాల పనిలా కనిపిస్తుంది. కానీ మంచి మెయిల్‌కు కావలసిన సరుకంతా శనివారం రాత్రికే కూడి ఉండాలి.

ఎందుకంటే, ఒప్పందం కుదిర్చిన సేల్స్ మేనేజర్ సమావేశం జరిగేటప్పుడు హాల్లో పెద్దగా ఉండరు. అక్కడ పని నడిపేది బాంక్వెట్ విభాగం. వాళ్ల చేతిలో ఉండే కాగితం ఫంక్షన్ ప్రాస్పెక్టస్. హోటల్ వాళ్లు దాన్ని ఎఫ్‌పీ అంటారు. ఏ పూట ఎంతమంది, కుర్చీలు ఎలా వేయాలి, టీ ఎన్ని గంటలకు, మైకులు ఎన్ని అన్నీ అందులో ఉంటాయి. సమావేశం నడుస్తుండగా జరిగిన మార్పులను కెప్టెన్ దాని మీదే పెన్నుతో రాసుకుంటాడు. సేల్స్ మేనేజర్ మెయిల్ రాసే ముందు చూడవలసింది ఆ చేతిరాతను. దాంతోపాటు డ్యూటీ మేనేజర్ లాగ్‌బుక్కు, హౌస్‌కీపింగ్ వాళ్ల దగ్గరుండే దొరికిన వస్తువుల రిజిస్టరు. ఇవి చూడకుండా రాస్తే మిగిలేది 'మీ కార్యక్రమం విజయవంతం కావడం మాకెంతో ఆనందం' అనే వాక్యం. నిరుడు ఇంకో కంపెనీకి పంపినా సరిపోయే వాక్యం అది. అందుకున్నవారు దాన్ని ఇట్టే పసిగడతారు.

మన ఉదాహరణలోని ఎఫ్‌పీలో ఏం దొరికింది? కంపెనీ ఖాయం చేసిన సంఖ్య 180. దీన్నే మినిమమ్ గ్యారంటీ అంటారు. వచ్చినవాళ్లు తక్కువైనా 180 ప్లేట్లకు డబ్బు కట్టాల్సిందే, ఎక్కువైతే అదనపు ప్లేట్లు లెక్కకు చేరతాయి. మొదటి రోజు భోజనానికి 196 మంది కూర్చున్నారు. అదే రోజు ఉదయం సెషన్ అనుకున్నదానికి 20 నిమిషాల ముందే ముగిసింది. టీ కౌంటర్ ఇంకా సిద్ధం కాలేదు. అంతమందీ హాలు బయట నిలబడాల్సి వచ్చింది. రెండో రోజు జొన్నరొట్టెల కౌంటర్ దగ్గర అన్నిటికంటే పెద్ద వరుస కనిపించింది. ఆ రొట్టెలు కావాలని పట్టుబట్టి మెనూలో చేర్పించింది కంపెనీ అధికారిణే.

ఈ వివరాల్లో ఏది మెయిల్‌లోకి వెళ్లాలి, ఏది వెళ్లకూడదు అన్నదే అసలు నేర్పు.

అదనంగా పడిన 16 ప్లేట్లు వెళ్లకూడదు. ఆ లెక్క శనివారమే, ఇరువైపులవాళ్లూ కూర్చుని మాట్లాడుకునే ముగింపు సమావేశంలో తేల్చి, సంతకం పెట్టించుకోవలసినది. బిల్లు జీఎస్‌టీ నంబరు సరిచూసుకుని విడిగా అకౌంట్స్ విభాగానికి వెళుతుంది. కృతజ్ఞతల మెయిల్‌కే బిల్లు జతచేస్తే అది చదివేవారికి వసూలు కబురులాగే కనిపిస్తుంది. డబ్బు ప్రస్తావన వద్దనడానికి మరో కారణమూ ఉంది. ఏర్పాట్లు చూసిన అధికారిణి ఈ మెయిల్‌ను తన పైవాళ్లకు, తనతో పనిచేసిన వాళ్లకు ఫార్వర్డ్ చేస్తుంది. రెండు నెలలు ఆమె పడిన శ్రమకు బయటివాళ్లు రాసిచ్చిన సాక్ష్యం అదొక్కటే. అందులో గది అద్దె ఉంటే, ఆమెకు ప్రత్యేకంగా ఇచ్చిన ధర ఎక్కడెక్కడికో చేరుతుంది. మెయిల్‌ను మొదటి నుంచే నలుగురి కళ్లలో పడేదిగా భావించి రాయాలి.

దొరికిన వస్తువుల సంగతి ఇంకా సున్నితం. ఒక గదిలో మందుల పెట్టె, ఇంకో గదిలో కళ్లజోడు దొరికాయనుకోండి. ఏ గదిలో, ఎవరివి అన్నది రాస్తే ఒక ఉద్యోగి వ్యక్తిగత విషయం అతని ఆఫీసంతటికీ తెలిసిపోతుంది. కొన్ని వస్తువులు దొరికాయనీ, ఎవరివారు నేరుగా హౌస్‌కీపింగ్‌కు ఫోన్ చేయవచ్చనీ చెప్పి ఊరుకోవాలి.

టీ ఆలస్యం సంగతి? చాలామంది సేల్స్ మేనేజర్లు దాన్ని దాటేస్తారు. మంచి మాటల మధ్య చెడు ఎందుకని వాళ్ల ఉద్దేశం. అది సరికాదు. ఆమె ఆ ఉదయం హాలు బయట నిలబడి తన పైవాళ్ల ముఖాలు చూసింది, ఆ సంగతి మరచిపోదు. హోటల్ కూడా గమనించిందని తెలిస్తే మిగతా మెయిల్‌ను నమ్ముతుంది. అయితే ఆ ప్రస్తావన ఒక్కసారే రావాలి, సాకులు ఉండకూడదు, ఏం సరిచేశారో చెప్పాలి. సెషన్ ముందే ముగిసింది కాబట్టి అలా జరిగిందని రాశారా, తప్పు ఆమె వైపుకు నెట్టినట్టే.

ఇలాంటి మెయిళ్లు మన హోటళ్లలో ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళతాయి. తెలుగులో చెప్పుకుంటే మన సేల్స్ మేనేజర్ రాసేది ఇలా ఉండవచ్చు:

'మేడమ్, శుక్ర, శనివారాల్లో మీ వార్షిక సమావేశాన్ని మా దగ్గర జరుపుకున్నందుకు మా అందరి తరఫున కృతజ్ఞతలు. విశాఖ, విజయవాడ బృందాలు తెల్లవారుజామునే దిగుతాయని మీరు వారం ముందే చెప్పారు. అందువల్లే వాళ్లకు గదులు సిద్ధంగా ఉంచగలిగాం. మొదటి రోజు ఉదయం టీ కోసం మీవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. అది మా లోపం, మన్నించండి. ఆ తరువాతి విరామాలన్నిటికీ అరగంట ముందే కౌంటర్లు పెట్టించాం, ఇకపై మా హాళ్లన్నిటిలో అదే పద్ధతి. మీరు అడిగి పెట్టించిన జొన్నరొట్టెలకు ఎంత వరుస కట్టారో చెబితే మా షెఫ్ ఎంతో సంతోషపడ్డారు. రాత్రి పొద్దుపోయేదాకా మావాళ్లతో కలిసి వేదిక సర్దిన మీ ఇద్దరు సహచరులకు మా ధన్యవాదాలు చెప్పండి. వచ్చేసారి మేము మార్చుకోవలసింది ఒక్కటి చెప్పమంటే మీరు ఏం చెబుతారు?'

ఫోన్ తెరపై ఒకటి రెండుసార్లు జరిపితే అయిపోయేంత మెయిల్ ఇది. సబ్జెక్టు లైన్‌లో హోటల్ పేరు కాకుండా ఆ సమావేశం పేరు, తేదీలు ఉంటే ఆరు నెలల తరువాత వెతికినా దొరుకుతుంది. సీసీలో బాంక్వెట్ మేనేజర్‌ను పెడితే పని చేసినవాళ్లకూ అభినందన అందుతుంది. కానీ అధికారిణిని అడగకుండా ఆమె పైఅధికారిని సీసీలో చేర్చకూడదు. ఎవరికి చూపించుకోవాలో ఆమె ఇష్టం. 'మీ కుటుంబంతో ఒక వారాంతం మా అతిథిగా ఉండండి' అని అభిమానంగా రాయడమూ ప్రమాదమే. చాలా కంపెనీలలో బహుమతుల మీద నియమాలుంటాయి. ఆ ఒక్క వాక్యం వల్ల ఆమె మెయిల్‌ను ఎవరికీ పంపలేకపోతుంది, పైగా సంజాయిషీ ఇచ్చుకోవలసి రావచ్చు.

చివర అడిగిన ప్రశ్న మర్యాద కోసం పెట్టినది కాదు. పది ప్రశ్నల ఫారం పంపితే అన్నిటికీ 'బాగుంది' అని టిక్కు పెట్టి వదిలేస్తారు. ఒక్కటే అడిగితే నిలబడి ఆలోచిస్తారు. 'వెనక వరుసల్లో ఏసీ మరీ చల్లగా ఉంది' అని ఆమె బదులిస్తే, సేల్స్ మేనేజర్ దాన్ని ఆ కంపెనీ ఫైల్లో రాసి ఉంచుతాడు. మరుసటి ఏడు ఎఫ్‌పీలో ఆ మాట మొదటి పేజీలోనే కనిపించాలి.

వచ్చే ఏడాది బుకింగ్ సంగతి ఈ మెయిల్‌లో ఎత్తకపోవడమే మేలు. రెండు మూడు వారాలు ఆగి, బిల్లు చెల్లింపు పూర్తయ్యాక, వేరే మెయిల్‌లో అడగవచ్చు. మరీ ఆలస్యం చేయడానికీ లేదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో, మళ్లీ వైశాఖంలో, మంచి ముహూర్తాలున్న రోజుల్లో హైదరాబాద్ హోటళ్ల పెద్ద హాళ్లు పెళ్లిళ్లకు వెళ్లిపోతాయి. అందుకే అనుభవమున్న సేల్స్ మేనేజర్ పక్కన పంచాంగం పెట్టుకుని, ముహూర్తాలు లేని రెండు వారాలు ఎంచి, ఆ తేదీలను తాత్కాలికంగా ఆ కంపెనీ పేరున పట్టి ఉంచి, అప్పుడు రాస్తాడు.