చివరి నిమిషంలో ‘ఇదొక్కటి మార్చండి’ అంటే?

‘క్లయింట్ ఆఖర్లో రిక్వైర్‌మెంట్స్ మారుస్తూ పోతే మీరేం చేస్తారు?’ ఫ్రెషర్స్ ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఎదురైతే చాలామంది ‘అడ్జస్ట్ అవుతాను సార్, ఎక్స్‌ట్రా టైమ్ పనిచేస్తాను’ అనేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రాజెక్టులు నడిపినవారికి ఆ జవాబులో ఓ లోపం కనిపిస్తుంది. రోజుకు ఉన్న గంటలు అన్నే. కొత్త పని లోపలికి వస్తే ఏదో ఒక పాత పని బయటికి పోవాలి. ఏది పోవాలో ఎవరూ చెప్పకపోతే, సాధారణంగా పోయేది టెస్టింగే. ఆ దెబ్బ లాంచ్ రోజున తగులుతుంది.

దీన్ని ఎలా పట్టాలో మీకు దగ్గరగా ఉండే ఓ ఉదాహరణతో చూద్దాం. మీరు, మరో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌కు ఓ రిజిస్ట్రేషన్ పోర్టల్ తయారుచేస్తున్నారనుకోండి. క్యాంపస్ డ్రైవ్ మార్చి 24న. విద్యార్థుల రిజిస్ట్రేషన్ 17న మొదలవ్వాలి. మీరు పని మొదలుపెట్టింది ఫిబ్రవరి 24న. అంటే చేతిలో సరిగ్గా మూడు వారాలు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ సారే ఇక్కడ స్టేక్‌హోల్డర్. పోర్టల్ కావలసింది ఆయనకే, అందులో ఏముండాలో చెప్పాల్సిందీ ఆయనే.

మార్పులు ఆలస్యంగా ఎందుకొస్తాయి?

సార్‌కు పనీపాటా లేక మారుస్తున్నారనుకుంటే పొరపాటు. కాగితం మీద ‘ఎలిజిబిలిటీ ఫిల్టర్’ అని రాసి చూపిస్తే ఎవరైనా సరేనంటారు. స్క్రీన్ మీద నిజంగా పేర్లు కనిపించాకే ‘బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసినవాళ్ల సంగతేంటి?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఇక సార్ వెనక ప్రిన్సిపాల్ ఉంటారు, కంపెనీ హెచ్ఆర్ ఉంటారు. వాళ్ల దగ్గర మారింది మీ దగ్గరకు వచ్చేసరికి రెండు రోజులు ఆలస్యమవుతుంది. కాబట్టి మార్పులే రాకుండా ఆపడం మీ వల్ల కాదు. వచ్చినప్పుడు ఎలా తేల్చాలో ముందే మాట్లాడుకోవడం మాత్రం మీ చేతిలో పనే. అందుకు రెండు కావాలి. ఒకటి ఇద్దరూ ఒప్పుకున్న ప్రాధాన్యాల జాబితా, రెండోది నిర్ణయానికి గడువు.

ముందు గంటలు లెక్కేయండి

నలుగురు, వారానికి తలా 10 గంటలు, మూడు వారాలు. మొత్తం 120 గంటలు. ఈ అంకె సార్ ముందు పెట్టకుండా జాబితా మొదలుపెడితే ఆయన అన్నీ కావాలనే అంటారు. అది సహజం, ధర తెలియని షాపులో అన్నీ అవసరమే అనిపిస్తాయి.

జాబితాను నాలుగు గడులుగా విడగొట్టే పద్ధతిని ‘మాస్కో’ అంటారు. రష్యా నగరంతో దీనికి సంబంధం లేదు. మస్ట్, షుడ్, కుడ్, వోంట్ అనే మాటల అక్షరాలతో కట్టిన పేరు. 1994లో ఒరాకిల్‌లో పనిచేస్తున్న డై క్లెగ్ దీన్ని రూపొందించారు. ‘మస్ట్’ అంటే లేకపోతే కుదరనిది. ‘షుడ్’ ముఖ్యమే కానీ, లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. ‘కుడ్’ ఉంటే బాగుంటుంది. ‘వోంట్’ ఈసారికి చేయనిది. ఈ పద్ధతిని వాడేవారు పాటించే ఓ మంచి నియమం ఉంది: ‘మస్ట్’ పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు, ‘కుడ్’ పనులు 20 శాతం దాకా ఉండాలి. ఆ 20 శాతం అలంకారం కోసం కాదు. ఆఖర్లో కొత్త పని వచ్చిపడితే తీసి పక్కన పెట్టడానికి ఉంచుకున్న చోటు అది.

మన 120 గంటల్లో ‘మస్ట్’కు 72 గంటలు. లాగిన్, రిజిస్ట్రేషన్ ఫామ్, కంపెనీ షరతుల ప్రకారం అర్హుల వడపోత, ఆ జాబితాను ఎక్సెల్‌లో దించుకోవడం, వీటన్నిటి టెస్టింగ్ ఇందులోకే వస్తాయి. రెజ్యూమె అప్‌లోడ్, ఈమెయిల్ సమాచారం ‘షుడ్’. వీటికి 24 గంటలు. బ్రాంచి వారీ గ్రాఫ్‌లకు 10 గంటలు, ఫొటోతో హాల్ టికెట్‌కు 14 గంటలు. ఈ రెండూ ‘కుడ్’.

సార్ మాత్రం ‘అన్నీ మస్టే కదా’ అంటారు. అప్పుడు వాదనకు దిగొద్దు. ఒక్కో అంశం దగ్గరా ఇలా అడగండి: ‘సార్, 24న ఇది లేకపోతే డ్రైవ్ ఆపేస్తామా?’ అర్హుల జాబితా లేకపోతే ఆపాల్సిందే. గ్రాఫ్ లేకపోతే ఎవరూ ఆపరు. ఈ ప్రశ్నకు ‘లేదు, ఎలాగో చేస్తాంలే’ అన్న జవాబొస్తే అది ‘మస్ట్’ కాదు. ఈ వర్గీకరణ మీరు చేసి చూపించడం కన్నా సార్ నోటితో చెప్పించడం ముఖ్యం. రేపు ఏదైనా తీసేయాల్సి వచ్చినప్పుడు అది ఆయన మాటే అవుతుంది.

గడువును వెనక నుంచి లెక్కించాలి

‘త్వరగా చెప్పండి సార్’ అంటే గడువు కాదు. తేదీ కావాలి, దానికి కారణమూ కావాలి. రిజిస్ట్రేషన్ 17న తెరవాలి. 15, 16 టెస్టింగ్‌కు. ఓ మామూలు మార్పు చేయడానికి నాలుగు రోజులు, అంటే 11 నుంచి 14 వరకు. కాబట్టి స్క్రీన్‌లో ఏ మార్పైనా 10వ తేదీ సాయంత్రం 5 గంటలలోపు తేలాలి.

అన్ని నిర్ణయాలకూ ఒకే గడువు సరిపోదు. తల్లిదండ్రుల ఫోన్లకు ఎస్ఎంఎస్ పంపాలా వద్దా అని సార్ ఆలోచిస్తున్నారనుకోండి. కోడ్ రాయడం ఒక పూట పనే. కానీ మన దేశంలో సంస్థలు ఇలా పెద్దసంఖ్యలో ఎస్ఎంఎస్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు కావాలి. పంపేవారి పేరుకు, మెసేజ్ నమూనాకు కూడా ఆమోదం పొందాలి. కాలేజీ పత్రాలు, సంతకాలు కావాలి. ఈ ఆమోదాలు మీ చేతిలో లేనివి. కాబట్టి వారానికి పైగా సమయం పక్కన పెట్టుకుని, దీనికి మార్చి 3 గడువు పెట్టాలి. ఇతరుల అనుమతి మీద ఆధారపడే పనులకు గడువు ముందే ఉండాలన్నది గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయే సంగతి ఇంకోటుంది. గడువు దాటితే ఏం జరుగుతుందో ముందే రాయాలి. అది లేని గడువును ఎవరూ పట్టించుకోరు. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘సార్, ఎస్ఎంఎస్ పెట్టాలంటే డీఎల్‌టీ నమోదు అవసరం. మార్చి 3 సాయంత్రం 5లోపు మీ నిర్ణయం చెబితే ఆ పని మొదలుపెడతాం. ఆలోపు నిర్ణయం రాకపోతే ఈ డ్రైవ్‌కు ఈమెయిల్ మాత్రమే పంపుతాం, ఎస్ఎంఎస్ వచ్చే డ్రైవ్‌కు చూద్దాం.’

నిర్ణయం రాకపోయినా మీ పని ఆగదు. అయితే ఇలా ముందే రాసుకునే దారి నష్టం లేనిదై, తర్వాత మార్చుకోగలిగేదై ఉండాలి. ‘నిర్ణయం రాకపోతే పాత డేటా తీసేస్తాం’ లాంటివి ఎప్పుడూ రాయకూడదు.

గడువు దాటాక ఫోన్ వస్తే?

మార్చి 12. సార్ ఫోన్ చేశారు. ‘కంపెనీ వాళ్లు సీజీపీఏ 6.5 కాదు, 7 అన్నారమ్మా. ఒకప్పుడు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని కూడా విడిగా చూపించమన్నారు. అలాగే ఆ ఎస్ఎంఎస్ కూడా పెట్టేయండి.’

‘గడువు 10తో అయిపోయింది సార్’ అనడం ఇక్కడ తప్పు. అర్హత షరతు తప్పుగా ఉంటే జాబితాయే తప్పు, డ్రైవ్ చెడుతుంది. చట్టం, భద్రత, ప్రధాన ఫలితం దెబ్బతినే మార్పులు గడువు దాటినా లోపలికి రావాల్సిందే. కానీ ఊరికే రాకూడదు, బదులుగా ఏదో ఒకటి బయటికి వెళ్లాలి. ముందు టీమ్‌తో మాట్లాడి గంటలు లెక్కేయండి. ఫోన్‌లోనే ‘అయిపోతుంది సార్’ అనొద్దు, ‘సాయంత్రంలోగా చెబుతాను సార్’ అనండి. సీజీపీఏ అంకె మార్చడం నిమిషాల పని. బ్యాక్‌లాగ్ చరిత్రకు ఫామ్‌లో కొత్త గడి, వడపోతలో మార్పు, మళ్లీ టెస్టింగ్ కలిపి 12 గంటలు అనుకుందాం. 14 గంటల హాల్ టికెట్ పని ఇంకా మొదలుకాలేదు, అది ‘కుడ్’లో ఉంది. ఇక ఇలా రాయండి:

‘సార్, అర్హత మార్పులు రెండూ చేస్తాం. అందుకు 12 గంటలు పడుతుంది. మనం అనుకున్న జాబితా ప్రకారం ఫొటో హాల్ టికెట్ ఈసారికి ఆపుతున్నాం, ఆ రోజు ఎక్సెల్ ప్రింట్‌తో హాజరు తీసుకోవచ్చు. దాని బదులు గ్రాఫ్‌లూ రెజ్యూమె అప్‌లోడూ ఆపమన్నా సరే, రేపు ఉదయం 10లోపు చెప్పండి. ఎస్ఎంఎస్‌కు నమోదు సమయం దాటింది, ఈమెయిల్ వెళుతుంది.’

ఇందులో ‘కుదరదు’ అన్న మాట ఎక్కడా లేదు. ‘చేయగలరా?’ అన్న ప్రశ్న ‘దేని బదులు చేద్దాం?’గా మారిపోయింది. అది సార్ జవాబు చెప్పగల ప్రశ్న.

ఎక్కడ తేడా కొడుతుంది?

వారం గడిచినా ‘కుడ్’ గడి ఖాళీగా ఉంటే జాబితా విఫలమైనట్టే. బయటికి తీయడానికి ఏమీ మిగల్లేదు. సార్ ఒప్పుకున్నది మళ్లీ మళ్లీ తిరగబడుతుంటే అసలు నిర్ణయం ఆయనది కాకపోవచ్చు. ‘ఈ విషయంలో ఆఖరి మాట ఎవరిది సార్?’ అని మర్యాదగా అడిగి, ప్రిన్సిపాల్‌గారిని ఓ పది నిమిషాల డెమోకు పిలవమనండి. కారిడార్‌లో, ఫోన్‌లో అనుకున్న ప్రతిదాన్నీ అదే రోజు రెండు వాక్యాల్లో రాసి పంపండి. వారానికోసారి పనిచేస్తున్న స్క్రీన్ చూపించండి. 12న రావాల్సిన ప్రశ్న 3నే వస్తుంది.

ఇంటర్వ్యూలో చెప్పేటప్పుడు ‘క్లయింట్ చాలా కన్‌ఫ్యూజ్ చేశారు’ అని మొదలుపెట్టకండి. చేతిలో ఎన్ని గంటలున్నాయి, గడువు ఏ తేదీకి, ఎందుకు పెట్టారు, ఆలస్యంగా వచ్చిన మార్పును దేని బదులు తీసుకున్నారు, చివరికి ఏది వదిలేశారు అన్నది చెప్పండి. ఆ చివరిది దాచొద్దు. ఏది వదిలేశారో, ఎవరితో మాట్లాడి వదిలేశారో చెప్పగలిగితేనే ఆ పని మీరు నిజంగా చేశారని ఎదుటివారికి తెలుస్తుంది.