మార్చి బిల్లు ఏ ఏటిది?

ఆర్థిక సంవత్సరం ముగిశాక అకౌంటెంట్ల ఫోన్లకు బిల్లుల ఫొటోలు వరసగా వచ్చిపడుతుంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని చదివి తేదీ, నంబరు, మొత్తం తీసి పద్దు తయారుచేస్తుంది. మార్చి 31 చుట్టుపక్కల మాత్రం తేదీలో ఒక్క అంకె తప్పు పడినా ఖర్చు పక్క ఏడాదికి వెళ్లిపోతుంది, లాభం లెక్క మారిపోతుంది.

04/03/2025 అని ఉందనుకోండి. మన ఊరి ఇనుము వ్యాపారి బిల్లయితే అది మార్చి 4, అంటే 2024-25. అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ బిల్లయితే అక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి ఏప్రిల్ 3, అంటే 2025-26. రోజు 12 దాటితే ఈ అయోమయం ఉండదు. బిల్లుపై వేసిన ‘అందినది’ ముద్ర తేదీనో, చెల్లింపు గడువునో బిల్లు తేదీగా పట్టుకోవడం ఇంకో పొరపాటు.

అనుమానం వస్తే బిల్లు నంబరు చూడాలి. జీఎస్టీ నిబంధన ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. అందుకే చాలామంది నంబరులోనే 24-25 అని చేర్చి, ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. ఈ-ఇన్వాయిస్ అయితే క్యూఆర్ కోడ్‌లోనే తేదీ ఉంటుంది, అక్షరాలు చదవాల్సిన పనే లేదు.

తేదీ సరిగ్గా తేలినా పని సగమే అయినట్టు. ఖర్చు ఏ ఏడాదిదో చెప్పేది బిల్లు తేదీ కాదు, సరుకు చేతికొచ్చిన రోజు లేదా సేవ వాడుకున్న కాలం. గోడౌన్ అద్దె మార్చి 16 నుంచి ఏప్రిల్ 15 వరకు, పన్ను కాకుండా రూ.31,000. బిల్లు ఏప్రిల్ 16న వచ్చింది. మార్చిలో 16 రోజులు, ఏప్రిల్‌లో 15. కాబట్టి రూ.16,000 పాత ఏడాది ఖర్చు, మిగతా రూ.15,000 కొత్త ఏడాదిది. మార్చి 31 తేదీతో అద్దె ఖాతాకు రూ.16,000 డెబిట్, ‘చెల్లించాల్సిన ఖర్చుల’ ఖాతాకు క్రెడిట్ రాస్తారు.

అసలు చేతికే రాని బిల్లుల సంగతేమిటి? మార్చి చివరి వారం గోడౌన్ రిజిస్టర్‌లో సరుకు దిగినట్టుండి, బిల్లు లేనివి వెతకాలి. ఏప్రిల్, మే నెలల బ్యాంకు చెల్లింపులు దేనికోసమో చూడాలి. కరెంటు, ఫోను, సెక్యూరిటీ వంటి నెలవారీ ఖర్చుల్లో పన్నెండు పద్దులూ ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి. జీఎస్టీఆర్-2బీతో సరిచూస్తే కొన్ని బయటపడతాయి. అయితే జీఎస్టీ నమోదు లేనివారి బిల్లులు అందులో కనిపించవు.

ఏప్రిల్ 1న ఆ రూ.16,000 పద్దును తిరగరాయడం మరవకూడదు. తిరగరాశాక అసలు బిల్లు పూర్తిగా రూ.31,000కు ఎక్కించినా కొత్త ఏడాదికి నికరంగా మిగిలేది రూ.15,000. మరిచారంటే ఆ రూ.16,000 రెండేళ్లలోనూ ఖర్చుగా పడుతుంది. చెల్లించాల్సిన ఖర్చుల ఖాతాలో నెలల తరబడి కదలని నిల్వ కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.