మోటార్ ఎన్ని హెచ్‌పీ? చివర్లో అడగాల్సిన ప్రశ్న

అపార్ట్‌మెంట్‌లో మోటార్ కాలిపోయిన రోజు అందరి నోటా హెచ్‌పీ మాటే. "ఒకటిన్నర ఉంది కదా సార్, ఈసారి రెండు వేయించేయండి, నీళ్ళు దంచేస్తాయి" అంటాడు ప్లంబర్. అర హెచ్‌పీ ఎక్కువైతే పోయేదేముందిలే అని కమిటీలో ఎవరూ కాదనరు. కానీ హెచ్‌పీ అనేది లెక్క చివర తేలాల్సిన అంకె. దానికి ముందు, రోజుకు ఎన్ని నీళ్ళు కావాలి, ఎంతసేపట్లో ఎక్కించాలి, ఎంత ఎత్తుకు ఎక్కించాలి అన్నవి తేలాలి.

హైదరాబాద్‌లో ఏ కాలనీలోనైనా కనిపించే బిల్డింగునే తీసుకుందాం. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. ఇంటికి సగటున నలుగురైదుగురు అనుకుంటే మొత్తం 90 మంది. మురుగు పైపులైన్లు ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేసుకోమంటుంది కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్. అలా 12,150 లీటర్లు. వాచ్‌మన్ కుటుంబం, మెట్లు కడగడం, మొక్కలు కూడా కలుపుకుంటే 13,000.

అయితే పైన 13,000 లీటర్ల ట్యాంకు కట్టాలా? అక్కర్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోటార్ వేసే చోట సగం రోజు నీళ్ళు పడితే చాలు. అంటే 6,500 లీటర్లు. లోపల 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.1 మీటర్ల నీటి లోతు ఉంటే 6,600 లీటర్లు పడతాయి. ఆ పైన ఒక జానెడు ఖాళీ వదలాలి. ఎందుకైనా మంచిదని రెండింతలు కట్టేవాళ్ళు బరువు సంగతి మరిచిపోతారు. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. ఆరున్నర టన్నుల నీళ్ళు, దానికి తోడు కాంక్రీటు గోడల బరువు, అంతా మేడ మీద పిల్లర్లే మోయాలి. నిల్వ పెంచాలనుకుంటే అది సంపులో పెంచాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట సంపు రెండు రోజులకు సరిపడా, 26,000 లీటర్లకు తక్కువ కాకుండా ఉండాలి.

ఇక ఎంతసేపట్లో ఎక్కించాలి? నాలుగు గంటలు పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయిందంటే పొద్దుటి స్నానాలు ఆగిపోతాయి. ఇరవై నిమిషాల్లోనే నిండాలంటే పంపు మూడింతలు పెద్దది కావాలి, పైపూ లావుది కావాలి. గంట సరైన మధ్యేమార్గం. గంటలో 6,500 లీటర్లంటే నిమిషానికి దాదాపు 108 లీటర్లు, సెకనుకు 1.8 లీటర్లు. దీన్నే డిశ్చార్జ్ అంటారు.

ఎత్తు దగ్గరే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. ఐదంతస్తుల బిల్డింగ్ కదా, 15 మీటర్లు అనేస్తారు. నీళ్ళు బయలుదేరేది సంపు అడుగు నుంచి, చేరేది ట్యాంకు పైఅంచుకు. సంపులో నీటిమట్టం నేలకు 2.5 మీటర్ల కింద ఉంటుంది, స్టిల్ట్‌తో కలిపి బిల్డింగ్ 18 మీటర్లు, టెర్రస్ మీద దిమ్మ, ట్యాంకు ఎత్తు కలిపి మరో 3.5 మీటర్లు. మొత్తం 24 మీటర్లు.

దీనికి పైపు లోపలి రాపిడి కూడా కలపాలి. నీళ్ళు పైపు గోడలను రాసుకుంటూ, ఎల్బోల దగ్గర మలుపు తిరుగుతూ, వాల్వుల్లో దూరుతూ కొంత శక్తి పోగొట్టుకుంటాయి. ఆ నష్టాన్ని కూడా ఇంజనీర్లు మీటర్లలోనే లెక్కేస్తారు. ఒకటిన్నర అంగుళం, అంటే లోపల 40 మిల్లీమీటర్ల పైపు, నలభై మీటర్ల పొడవు, దానికి తోడు ఎల్బోలు, ఫుట్ వాల్వు, నాన్ రిటర్న్ వాల్వు ఉంటే సెకనుకు 1.8 లీటర్ల దగ్గర ఈ నష్టం 4 మీటర్ల లోపే. అలా మొత్తం హెడ్ 28 మీటర్లు. ఇదే లైను అంగుళం పైపుతో వేస్తే? వ్యాసం తగ్గితే రాపిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే నీటికి ఇక్కడ దాదాపు పది రెట్లు. నాలుగు మీటర్లది నలభైకి దగ్గరపడుతుంది, బిల్డింగ్ ఎత్తునే మించిపోతుంది. పైపు దగ్గర నాలుగు డబ్బులు మిగుల్చుకుని ఆనక పెద్ద మోటార్ కొనేవాళ్ళు ఏళ్ళ తరబడి పోగొట్టుకునేది ఇక్కడే. నా ఉద్దేశంలో మోటార్ మార్చే ముందు ప్లంబర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న పైపు సైజు.

ఇప్పుడు హెచ్‌పీకి వద్దాం. సెకనుకు పోయే లీటర్లను హెడ్‌తోనూ, భూమ్యాకర్షణ అంకె 9.81తోనూ గుణిస్తే నీటికి అందాల్సిన శక్తి వాట్లలో వస్తుంది: 1.8 × 28 × 9.81, అంటే 494 వాట్లు. చిన్న పంపులు తమకు అందిన శక్తిలో సగమే నీటికి ఇస్తాయి. కాబట్టి మోటార్ నుంచి 990 వాట్లు రావాలి. ఒక హెచ్‌పీ 746 వాట్లు గనుక ఇది 1.3 హెచ్‌పీ. బజార్లో దొరికే తర్వాతి సైజు ఒకటిన్నర, అదే సరిపోతుంది. మోటార్‌లో కూడా కొంత వృథా పోతుంది కాబట్టి మీటరు మీద 1.4 కిలోవాట్లు తిరుగుతుంది. రోజుకు రెండు గంటలంటే 2.8 యూనిట్లు, నెలకు 85 దాకా.

ఒకటిన్నర అని తేలింది కదా అని షాపుకెళ్ళి ఏదో ఒకటిన్నర తెచ్చుకోకూడదు. ఒకే హెచ్‌పీలో ఎక్కువ ఎత్తుకు తక్కువ నీళ్ళిచ్చేవీ, తక్కువ ఎత్తుకు ఎక్కువ నీళ్ళిచ్చేవీ ఉంటాయి. నేమ్ ప్లేట్ మీద గరిష్ఠ హెడ్ 30 మీటర్లు అని చూసి మన 28కి చాలనుకుంటే మోసపోయినట్టే. గరిష్ఠ హెడ్ దగ్గర పంపు తిరుగుతుందే గానీ ఒక్క చుక్క పడదు, 28 దగ్గర సన్నటి ధారే వస్తుంది. కంపెనీ ఇచ్చే పట్టికలో 28 మీటర్ల ఎదుట నిమిషానికి 108 లీటర్లకు దగ్గరి అంకె ఉందా అని చూడాలి. అడిగితే ఆ కాగితం షాపువాడు చూపిస్తాడు.

ఐదో అంతస్తువాళ్ళ షవర్ సన్నగా వస్తోందని మోటార్ పెంచమనేవాళ్ళూ ఉంటారు. ఆ ధారకు మోటార్‌తో సంబంధం లేదు. ట్యాంకు అడుగు నుంచి షవర్ దాకా ఉన్న ఎత్తే దాని బలం. మన బిల్డింగ్‌లో అది మూడు మీటర్లకు మించదు. దాన్ని పెంచాలంటే ట్యాంకును పైకి లేపాలి, లేదంటే ఆ అంతస్తుకు చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి.

కొత్త మోటార్ బిగించాక ఒక పరీక్ష చేయండి. కొళాయిలకు వెళ్ళే వాల్వు మూసేసి, ట్యాంకులోకి ఒక కర్ర నిలువుగా దించి తడి గుర్తు దగ్గర గీత పెట్టండి. పది నిమిషాలు మోటార్ వేసి మళ్ళీ చూడండి. మన ట్యాంకు అడుగు 6 చదరపు మీటర్లు గనుక మట్టం 18 సెంటీమీటర్లు పెరగాలి. పదే పెరిగిందంటే నిమిషానికి 60 లీటర్లే ఎక్కుతున్నాయన్నమాట. అప్పుడు స్టార్టర్ మీది అమ్మీటర్ చూడండి. కరెంటు కూడా మామూలుకన్నా తక్కువ లాగుతుంటే నీటి దారి ఎక్కడో మూసుకుంది, ఫుట్ వాల్వు జల్లెడలో చెత్త గానీ, సగమే తెరిచిన వాల్వు గానీ కారణం కావచ్చు. ఆపి వేసిన ప్రతిసారీ పంపులో నీళ్ళు పోసి గాలి తీయాల్సి వస్తోందంటే ఫుట్ వాల్వు కారుతోంది, సంపులోకి దిగి దాన్ని మార్చాలి.