ప్రమాదకర వస్తువులు హద్దు దాటితే: కఠిన బాధ్యత, సంపూర్ణ బాధ్యత

టార్టుల చట్టంలో నిర్లక్ష్యం ఆధారంగా దావా వేసే వాది, ప్రతివాది తగిన జాగ్రత్త తీసుకోలేదని నిరూపించాలి. మరి ప్రతివాది అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా పొరుగువాడికి నష్టం జరిగితే? ఆ నష్టం ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో 1868లో ఒక జవాబు వచ్చింది. భారత సుప్రీంకోర్టు 1986లో ప్రమాదకర పరిశ్రమల విషయంలో దాన్ని పక్కనపెట్టి మరో జవాబు చెప్పింది. రెండింటికీ తేడా ప్రధానంగా మినహాయింపుల్లో ఉందని గుర్తుంచుకుని చదవండి.

పాత సూత్రం

లంకాషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని తన మిల్లుకు నీటి కోసం ఒక జలాశయం కట్టించదలచాడు. పనిని అనుభవం గల ఇంజనీరుకు, కాంట్రాక్టర్లకు అప్పగించాడు. తవ్వుతుండగా వారికి మట్టితో పూడిన పాత గని గోతులు కనిపించాయి. వాటిని గట్టిగా మూయించకుండానే పని పూర్తి చేశారు. 1860 డిసెంబరులో జలాశయం నిండుతుండగా నీరు ఆ గోతుల గుండా కిందికి దిగి, పొరుగున ఉన్న ఫ్లెచర్ బొగ్గు గనిని ముంచెత్తింది. గోతుల సంగతి రైలాండ్స్‌కు తెలియదు. అంటే ఆయన స్వయంగా చేసిన నిర్లక్ష్యం ఏదీ లేదు.

అయినా ఆయనే బాధ్యుడని తీర్పు వచ్చింది. 1866లో జస్టిస్ బ్లాక్‌బర్న్ చెప్పిన సూత్రం సారాంశం ఇది: ఎవరైనా తన అవసరం కోసం, బయటికి పోతే హాని చేసే వస్తువును తన భూమిపైకి తెచ్చి నిల్వ చేస్తే, దాన్ని అదుపులో ఉంచే పూచీ అతనిదే, అది తప్పించుకుపోతే సహజంగా కలిగే నష్టానికి అతను జవాబుదారీ. 1868లో ప్రభువుల సభ ఈ తీర్పును ఖాయపరుస్తూ, లార్డ్ కెయిర్న్స్ నోట మరో షరతు చేర్చింది: భూమిని వాడిన తీరు ‘అసహజ వినియోగం’ అయి ఉండాలి. ఇంటి కుళాయి నీరు, వంటింటి పొయ్యి మామూలు వినియోగం కిందికి వస్తాయి. భారీ జలాశయం అలా రాదు.

దీన్నే కఠిన బాధ్యత అంటారు. పేరు చూసి మోసపోకండి. ఈ సూత్రానికి కోర్టులు చాలా మినహాయింపులు ఇచ్చాయి. వాది స్వయంకృతం, వాది సమ్మతి, దైవకృత్యం, ప్రతివాది అదుపులో లేని మూడో వ్యక్తి చర్య, చట్టం ఇచ్చిన అధికారం వీటిలో ముఖ్యమైనవి. పైగా వస్తువు ప్రతివాది భూమి దాటి బయటికి పోయి ఉండాలి. 1946లో ప్రభువుల సభ తీర్పు చెప్పిన రీడ్ వర్సెస్ లయన్స్ కేసులో, ఆయుధ కర్మాగారం లోపల షెల్లు పేలి గాయపడిన తనిఖీదారు ఓడిపోయింది. పేలుడు జరిగింది ఆవరణలోనే కాబట్టి ఏదీ ‘తప్పించుకుపోలేదు’ అన్నారు. గేటుకు అవతల నిలబడి ఉంటే ఆమె స్థితి వేరుగా ఉండేది. ప్రమాదానికి అందరికన్నా దగ్గరగా ఉన్న కార్మికుడికే ఈ సూత్రం ఉపయోగపడకపోవడం విచిత్రమే.

కార్వేటినగరం చెరువులు

ఈ సూత్రం తొలినాళ్లలోనే మన చిత్తూరు ప్రాంతానికి వచ్చింది. కార్వేటినగరం జమీందారు భూమిలోని చెరువులు భారీ వర్షాలకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ మార్గం దెబ్బతింది. కంపెనీ రైలాండ్స్ తీర్పును చూపి దావా వేసింది. నీటి నిల్వ, గట్టు తెగడం, పొరుగువాడికి నష్టం అన్నీ ఆ కేసులో ఉన్నట్లే ఉన్నాయి.

అయినా 1874లో ప్రీవీ కౌన్సిల్ కంపెనీ వాదనను తోసిపుచ్చింది. రైలాండ్స్ జలాశయం సొంత లాభానికి కొత్తగా కట్టుకున్నది. ఈ చెరువులు అనాదిగా ఉన్నవి, రైతుల సాగు వాటిపైనే నడుస్తుంది. వాటిని పూడ్చివేసే హక్కు జమీందారుకు లేదు, పైగా కాపాడవలసిన విధి ఉంది. చట్టం విధించిన పని చేసేవాడి స్థితి లాంటిదే ఆయనది. కాబట్టి నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత, అది రుజువు కాలేదు. ‘అసహజ వినియోగం’ అన్న మాటకు ప్రతి దేశంలో ఒకే అర్థం ఉండదని ఈ కేసు చూపుతుంది.

కొత్త సూత్రం

1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగింది. సరిగ్గా ఏడాదికి, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలో శ్రీరామ్ సంస్థ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఎం.సి. మెహతా కేసులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం, 19వ శతాబ్దపు ఆంగ్ల సూత్రం నేటి రసాయన పరిశ్రమలకు సరిపోదని చెప్పింది. స్వభావరీత్యా ప్రమాదకరమైన పని చేసే సంస్థ, ఆ పనిలో జరిగిన ప్రమాదంవల్ల ఎవరికి హాని కలిగినా పరిహారం చెల్లించాలి. రైలాండ్స్ మినహాయింపులు ఏవీ దీనికి వర్తించవు. లాభం పొందేది సంస్థే, ప్రమాదాన్ని ముందే పసిగట్టే వనరులు ఉన్నదీ సంస్థకే అన్నది కోర్టు చెప్పిన కారణం. పరిహారం కూడా సంస్థ పరిమాణానికి, ఆర్థిక స్తోమతకు తగినట్లు ఉండాలని చేర్చింది. దీన్ని సంపూర్ణ బాధ్యత అంటాం.

అయితే ఆ తీర్పులో కోర్టు బాధితులకు నేరుగా పరిహారం ఇప్పించలేదు. వారు వేరే దావాలు వేసుకోవాలంది. అందుకే కొత్త సూత్రం కేవలం ప్రాసంగిక వ్యాఖ్య అన్న అభిప్రాయం తర్వాత సుప్రీంకోర్టులోనే వినిపించింది. 1996లో రాజస్థాన్‌లోని బిచ్ఛడీ గ్రామ కేసు ఈ సందేహాన్ని తీర్చింది. రసాయన వ్యర్థాలతో అక్కడి బావుల నీరు పాడైంది. గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మెహతా సూత్రం కట్టుబడవలసిన చట్టమేనని చెప్పి ఆ కేసుకు వర్తింపజేశారు.

పేర్ల మధ్య తికమక విద్యార్థులకే పరిమితం కాదు. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకైనప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ మరునాటి ఉత్తర్వులో కఠిన బాధ్యత అనే రాసింది. దానిపై విమర్శ వచ్చింది. తర్వాతి ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యత అని స్పష్టం చేసింది.

ఒక సమస్యను పరిష్కరిద్దాం

ఒక కోల్డ్ స్టోరేజిలో శీతలీకరణకు అమ్మోనియా వాడుతున్నారు. రాత్రి ఒక దొంగ గోడ దూకి, ఇత్తడి కోసం వాల్వు విప్పాడు. వాయువుకు లోపలి కాపలాదారు, పక్కింటి గృహిణి అస్వస్థులయ్యారు. యజమాని నిర్లక్ష్యం ఏమీ లేదనుకోండి.

పాత సూత్రం ప్రకారం కాపలాదారు దావా మొదటి మెట్టులోనే ఆగిపోతుంది, ఎందుకంటే అతని విషయంలో వాయువు హద్దు దాటలేదు. గృహిణి ఆ మెట్టు దాటుతుంది. కానీ యజమాని దొంగను చూపి, మూడో వ్యక్తి చర్య అనే మినహాయింపు కోరతాడు. అలాంటి చొరబాటును ముందే ఊహించగలిగి ఉండేవాడని చూపలేకపోతే ఆమె కూడా ఓడిపోవచ్చు. కొత్త సూత్రంలో హద్దు ప్రశ్న లేదు, దొంగ సాకు చెల్లదు. ఇద్దరికీ పరిహారం వస్తుంది.

కానీ దానికి ముందు వాదులు ఒక సంగతి ఒప్పించాలి: ఈ కోల్డ్ స్టోరేజి నడపడం ‘స్వభావరీత్యా ప్రమాదకరమైన’ పని అని. యజమాని న్యాయవాది తన శక్తినంతా ఇక్కడే పెడతాడు. తాను నిల్వ చేసేది పండ్లూ మిరపకాయలే అంటాడు. వాదులు అమ్మోనియా పరిమాణాన్ని, దాని విష స్వభావాన్ని, చుట్టూ ఇళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్ని చూపాలి. కోర్టు ఒప్పుకోకపోతే కేసు తిరిగి రైలాండ్స్ సూత్రం కిందికే వస్తుంది, దాని మినహాయింపులన్నీ వెంటబెట్టుకుని.