రోబో చేతికి ఏ కీలులో ఏ మోటారు?

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణం ముందు నిలబడి రోబో చేయి కడతానని చెప్పే విద్యార్థికి తరచూ రెండు రకాల మోటార్లు ఎదురవుతాయి. ఒకటి 55 గ్రాముల సర్వో, పేరు ఎంజీ 996ఆర్. రెండోది నీమా 17 అనే చదరపు స్టెప్పర్. దాని ముఖం 42 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 280 గ్రాములు. రెంటిలో ఏది మంచిదని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ కీలుకు ఏది సరిపోతుందో చూడాలి. అది తేల్చేది ఎక్కువగా బరువే.

ముందు రెండూ ఎలా పనిచేస్తాయో చూద్దాం. హాబీ సర్వో డబ్బాలో చిన్న డీసీ మోటారు, వేగం తగ్గించి బలం పెంచే గేర్లు, ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటర్, ఒక బుల్లి సర్క్యూట్ ఉంటాయి. ఆర్డుయినో బోర్డు సెకనుకు 50 సార్లు దానికి ఒక పల్స్ పంపుతుంది. ఆ పల్స్ ఒకటిన్నర మిల్లీసెకన్లు ఉంటే ఇరుసు మధ్యలో నిలబడుతుంది. పల్స్ పొడవు తగ్గితే ఒక వైపు, పెరిగితే రెండో వైపు తిరుగుతుంది. ఎవరైనా చేత్తో పక్కకు నెడితే సర్క్యూట్ ఆ తేడాను గుర్తించి ఇరుసును వెనక్కి తెస్తుంది. అయితే మామూలు సర్వో 180 డిగ్రీలకు మించి తిరగదు.

స్టెప్పర్ తీరు వేరు. సాధారణ నీమా 17 ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు కదులుతుంది, 200 అడుగులకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఏ4988 లాంటి డ్రైవర్ బోర్డుకు పల్సులు పంపుతూ ఎన్ని పంపామో ప్రోగ్రామ్ లెక్కపెట్టుకుంటుంది. ఇరుసు నిజంగా అక్కడికి చేరిందో లేదో చెప్పే పరికరం మాత్రం లోపల ఉండదు. బరువు ఎక్కువై కొన్ని అడుగులు తప్పినా ప్రోగ్రామ్ పాత లెక్కతోనే ముందుకు పోతుంది. కరెంటు పోయి వస్తే చేయి ఎక్కడుందో దానికి తెలియదు. అందుకే ప్రతి స్టెప్పర్ కీలుకూ ఒక లిమిట్ స్విచ్ పెట్టి, ఆన్ చేయగానే చేయి దాన్ని తాకేదాకా తిప్పి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ఇప్పుడు బరువు సంగతి. నీళ్ల చెంబును ఒంటికి దగ్గరగా పట్టుకుంటే ఏమీ అనిపించదు, చేయి చాచి పట్టుకుంటే భుజం లాగేస్తుంది. మోటారుకూ అంతే. బరువును దూరంతో గుణిస్తే దాని మీద పడే టార్క్ వస్తుంది. లేబుల్ మీద 9.4 కిలోగ్రామ్-సెంటీమీటర్లు అని ఉంటే, ఇరుసు నుంచి సెంటీమీటరు దూరంలో 9.4 కిలోలను, పది సెంటీమీటర్ల దూరంలో 940 గ్రాములను ఆపగలదని అర్థం.

ఒక చిన్న చేతిని లెక్కిద్దాం. భుజం నుంచి మోచేతికి 12 సెంటీమీటర్లు, మోచేతి నుంచి వేళ్ల కొసకు 14. పట్టాల్సిన వస్తువు 50 గ్రాములు. చేయి పూర్తిగా చాచినప్పుడు ఆ వస్తువు భుజానికి 26 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి దాని వాటా 1.3. మణికట్టు, పట్టు భాగాలు కలిపి 50 గ్రాములు, 22 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 1.1. రెండు ప్లాస్టిక్ ఎముకలు తలా 30 గ్రాములు. వాటికి కలిపి సుమారు 0.7. మోచేతిలో 55 గ్రాముల సర్వో పెడితే దాని వాటా దాదాపు 0.7. మొత్తం 3.8 దాకా వస్తుంది. కదలడం మొదలయ్యే క్షణంలో పడే అదనపు భారం కోసం దాన్ని రెట్టింపు చేస్తే 7.6. ఎంజీ 996ఆర్ లేబుల్ చెప్పే 9.4లోపే పని అయిపోయింది.

అదే మోచేతిలో నీమా 17 బిగిస్తే? దాని 280 గ్రాములే 12 సెంటీమీటర్ల దూరంలో 3.4 కలుపుతాయి. భుజం మీది భారం 6.5కు చేరుతుంది, రెట్టింపు చేస్తే 13. ఒక సాధారణ నీమా 17 నిలబడి ఆపగలిగేది సుమారు 4 మాత్రమే, వేగంగా తిరిగేటప్పుడు అంతకన్నా తక్కువ. అంటే మోచేతి మోటారును మోయడానికే భుజం మోటారు బలం దాదాపు అంతా ఖర్చవుతుంది.

దీనికి విరుగుడు ఉంది. మోటారు మీద 20 పళ్ల పుల్లీ, కీలు మీద 100 పళ్ల పుల్లీ పెట్టి బెల్టుతో కలిపితే బలం అయిదింతలవుతుంది, అడుగు 0.36 డిగ్రీలకు తగ్గుతుంది. అమెరికాలో క్రిస్ అనిన్ రూపొందించిన ఏఆర్4 అనే ఆరు కీళ్ల చేయి స్టెప్పర్లతోనే నడుస్తుంది. అయితే దాని మోటార్లకు గేర్లు, తప్పిన అడుగులను పట్టే ఎన్‌కోడర్లు ఉన్నాయి. అది మొదటి ప్రాజెక్టు స్థాయి కాదు. బ్రిటన్‌లో పుట్టిన మీఆర్మ్ అనే బుల్లి చేయి నాలుగు 9 గ్రాముల సర్వోలతో నడుస్తుంది. దాని మోచేతిని కదిపే సర్వో మోచేతిలో ఉండదు; కింద పీఠం దగ్గరే ఉండి కడ్డీలతో మోచేతిని లాగుతుంది. మోటారు బరువును పైకి ఎక్కించకపోవడమే అక్కడి తెలివి.

మరి స్టెప్పర్‌కు తగిన చోటు ఏది? పీఠం. నిలువు ఇరుసు చుట్టూ చేతిని తిప్పే ఆ మోటారు దేన్నీ పైకి లేపదు, దాని బరువును ఇంకే మోటారూ మోయదు. అక్కడ 180 డిగ్రీల హద్దూ ఉండదు. పైగా చవక సర్వో గేర్లలో వదులు ఉంటుంది. ఇరుసు దగ్గర ఒక్క డిగ్రీ తేడా 26 సెంటీమీటర్ల చేతి కొసన నాలుగున్నర మిల్లీమీటర్లవుతుంది. గేరు లేని స్టెప్పర్ పూర్తి అడుగు వేస్తే కొస 8 మిల్లీమీటర్లు గెంతుతుంది కనుక డ్రైవర్‌లో మైక్రోస్టెప్పింగ్ పెట్టుకోవాలి. ఇంకో జాగ్రత్త: స్టెప్పర్ కదలకుండా నిలబడినప్పుడూ కరెంటు తాగి వేడెక్కుతుంది. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిన బిగింపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. డ్రైవర్ మీది చిన్న స్క్రూతో కరెంటు తగ్గించుకుంటే ఆ బాధ ఉండదు.

సర్వోలతో తొలి చిక్కు దాదాపు ఎప్పుడూ కరెంటు దగ్గరే వస్తుంది. ఎంజీ 996ఆర్ 6 వోల్టుల దగ్గర ఇరుక్కుంటే సుమారు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆర్డుయినో అయిదు వోల్టుల పిన్ అంత ఇవ్వలేదు. చేయి కదలగానే బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంటే, సర్వోలన్నీ కారణం లేకుండా వణుకుతుంటే ప్రోగ్రామ్ వెతికేముందు సప్లై చూడాలి. సర్వోలకు వేరే సప్లై ఇచ్చి, దాని గ్రౌండ్ వైరును బోర్డు గ్రౌండ్‌తో కలపాలి. ఆ వైరు మరిచిపోతే పల్స్ సర్వోకు సరిగా అందదు.

కాబట్టి మొదటి చేతికి భుజం, మోచేయి ఎంజీ 996ఆర్‌తో, మణికట్టు, పట్టు 9 గ్రాముల సర్వోలతో కడితే చాలు. పీఠం కూడా సర్వోతోనే మొదలుపెట్టి, చుట్టు చాలకపోతే తర్వాత స్టెప్పర్‌కు మారవచ్చు. లేబుల్ చెప్పే బలం ఇవ్వని నకళ్లు మార్కెట్లో ఉన్నాయి కనుక బిగించేముందు ఒక పరీక్ష చేయాలి. సర్వోను బల్ల అంచున గట్టిగా కట్టి, ఇరుసుకు పది సెంటీమీటర్ల పుల్ల బిగించి, కొసన అర లీటరు నీళ్ల సీసా వేలాడదీయాలి. అది సుమారు 5 కిలోగ్రామ్-సెంటీమీటర్ల భారం. పుల్లను కింది నుంచి అడ్డంగా ఉండే స్థితి దాకా లేపమని ఆజ్ఞ ఇవ్వాలి. తడబడకుండా లేపితే అది భుజానికి పనికొస్తుంది. మధ్యలో ఆగి మూలిగితే రెండు మూడు సెకన్లలో సప్లై తీసేసి, దాన్ని మోచేతికి కేటాయించాలి. అక్కడ ఇదే లెక్క ప్రకారం పడే భారం ఒకటిన్నర లోపే.